స్లైడ్లకు ముందు ఒక్క కాగితం: అందులో ఏం రాయాలి?

ప్రశ్న: నేను ఒక సంస్థలో కస్టమర్ సపోర్ట్ టీమ్‌లో పనిచేస్తున్నాను. వచ్చే వారం విభాగాల హెడ్స్ మీటింగ్‌లో నాకు 20 నిమిషాల టైమ్ ఇచ్చారు. ఫిర్యాదు చేసిన ప్రతి 100 మందిలో 38 మంది అదే విషయం మీద మళ్లీ ఫోన్ చేస్తున్నారు. ఫిర్యాదును రిపేర్ టీమ్‌కి పంపాక అక్కడేం జరిగిందో మాకు కనిపించదు. ఆరు నెలల లెక్కలన్నీ నా దగ్గర ఉన్నాయి. పోయినసారి ఇలాగే 40 స్లైడ్లు చేసుకుని వెళ్తే, పన్నెండో స్లైడు దగ్గర ఆపేసి "ఇంతకీ మమ్మల్ని ఏం చేయమంటారు?" అన్నారు. ఈసారి పవర్‌పాయింట్ తెరవకముందే ఒక కాగితం మీద ప్లాన్ రాసుకోమని మా సీనియర్ చెప్పారు. వినేవాళ్లు, స్లైడ్ల సంఖ్య, టోన్, మెయిన్ మెసేజ్ అని నాలుగు హెడ్డింగులు పెట్టాను. వాటి కింద "మేనేజ్‌మెంట్", "15", "ప్రొఫెషనల్", "రిపీట్ కాల్స్ సమస్య" అని రాశాను. ఇక ఏం రాయాలో తోచలేదు. ఈ కాగితం నిజంగా పనికొస్తుందా?

సమాధానం: పనికొస్తుంది. కానీ మీరు రాసిన నాలుగు మాటలతో కాదు. మీ దగ్గరున్న 40 స్లైడ్లలోంచి ఏదో ఒకటి తీసి, ఇది ఉంచాలా తీసేయాలా అని ఆ కాగితాన్ని అడిగి చూడండి. "మేనేజ్‌మెంట్", "ప్రొఫెషనల్" అన్న మాటలు ఏ స్లైడునీ కాదనవు. కాగితం మీద రాసిన ప్రతి మాటా కొన్ని స్లైడ్లను బయటకు పంపగలిగేలా ఉండాలి. మీకు ఇంకేం రాయాలో తోచకపోవడానికి కారణం అదే. ఇంకా ఏదీ తేల్చుకోలేదు కాబట్టి ముందుకు కదలడం లేదు.

ఒక ఏ4 కాగితం తీసుకుని అడ్డంగా పెట్టండి. పైన మూడో వంతు దగ్గర ఒక గీత గీయండి. పై భాగంలో నాలుగు జవాబులు, కింద ఖాళీ గళ్లు. పెన్సిల్‌తోనే రాయండి, ఎందుకంటే ఇందులో సగం చెరిపి మళ్లీ రాయాల్సి వస్తుంది. రెండో వైపుకి వెళ్లొద్దు. చోటు చాలకపోతే విషయం ఎక్కువైందని కాదు, ఇంకా తేలలేదని అర్థం.

మొదట వినేవాళ్లు. "మేనేజ్‌మెంట్" అనేవారు ఎవరూ వచ్చి కుర్చీలో కూర్చోరు. ఆ గదిలో ఎవరెవరు ఉంటారో పేర్లతో రాయండి. మీ మీటింగ్‌కి ఎవరొస్తారో మీరు రాయలేదు కాబట్టి, ఆపరేషన్స్ హెడ్, రిపేర్ విభాగం హెడ్, ఫైనాన్స్ హెడ్ ఉంటారనుకుందాం. వీళ్లలో ఎవరు "సరే" అంటే పని జరుగుతుందో ఆ పేరు చుట్టూ సున్నా చుట్టండి. ఆపరేషన్స్ హెడ్ అనుకుందాం. తర్వాత ప్రతి పేరు పక్కనా ఒకే వాక్యం: ఆయన నోట మొదట వచ్చే ప్రశ్న ఏమిటి? ఆపరేషన్స్ హెడ్ "దీనికి నేనేం చేయాలి?" అంటారు. ఫైనాన్స్ హెడ్ "ఖర్చెంత?" అంటారు. రిపేర్ హెడ్ పైకి ఏమన్నా, మనసులో ఉండేది "మా టీమ్ మీద ఇంకో పని పడేస్తారా?" అనే. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు కాని స్లైడు ఎంత బాగున్నా ఈ మీటింగ్‌కి అక్కర్లేదు. నెలవారీ కాల్స్ పట్టిక, ప్రాంతాలవారీ చార్ట్, మీ టీమ్ పనితీరు గ్రాఫ్ అన్నీ ఇక్కడే రాలిపోతాయి.

అదే గడిలో ఇంకో వాక్యం కూడా రాయండి: మీటింగ్ అయ్యాక వీళ్లు ఏం చేయాలి? పోయినసారి మిమ్మల్ని ఆపి అడిగిన ప్రశ్న ఇదే కదా. "సమస్యను గుర్తించాలి", "అవగాహన రావాలి" అని రాస్తే ఏమీ రాయనట్టే. "రిపేర్ టీమ్ ప్రతి ఫిర్యాదు స్థితిని రోజుకోసారి, సాయంత్రం 5 లోగా సిస్టమ్‌లో నమోదు చేయాలి. దీన్ని ఒక నెల పాటు ట్రయల్‌గా చేయడానికి ఈ మీటింగ్‌లోనే ఒప్పుకోవాలి." ఇలా రాస్తే, అది జరిగిందో లేదో గది దాటి బయటికొచ్చేలోపే మీకు తెలిసిపోతుంది.

ఇక్కడే ఒక చిన్న మాట. వాళ్లు మీ స్లైడ్లను వింటారా, చదువుతారా? ముందు రోజే మెయిల్‌లో పంపమని అడిగే సంస్థలున్నాయి. చదివేవాళ్లకు పూర్తి వాక్యాలు, వివరణలు స్లైడు మీదే ఉండాలి. వినేవాళ్లకు అవి అడ్డొస్తాయి, ఎందుకంటే తెర మీద చదువుతూ మీ మాట వినడం ఎవరి వల్లా కాదు. రెండూ కావాలంటే స్లైడ్లు వేరుగా, చదవడానికి ఒక రెండు పేజీల నోట్ వేరుగా చేయండి. నేను కింద చెప్పేదంతా వినేవాళ్ల కోసం చేసే స్లైడ్ల గురించి.

ఇప్పుడు మెయిన్ మెసేజ్. నాలుగింటిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టేది ఇదే, పట్టనివ్వండి. మీరు రాసిన "రిపీట్ కాల్స్ సమస్య" ఒక టాపిక్ పేరు మాత్రమే. అందులో మీరు చెప్పేది ఏమీ లేదు. దాన్ని వాక్యం చేద్దామని చూస్తే చాలామంది చేతికి మొదట వచ్చేది ఇలా ఉంటుంది: "రిపీట్ కాల్స్ ఎక్కువగా ఉన్నాయి, వాటిని తగ్గించాలి." ఇది వాక్యమే, కానీ దీన్ని కాదనేవారు ఎవరుంటారు? ఎవరూ కాదనలేని మాటకు ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు కూడా. అందరూ తలూపి తర్వాతి విషయానికి వెళ్లిపోతారు.

ఎవరైనా "అలా అని ఎందుకంటున్నారు?" అని అడగగలిగే వాక్యం కావాలి. మీ విషయంలో అది ఇలా ఉండొచ్చు: "కస్టమర్లు మళ్లీ ఫోన్ చేస్తున్నది రిపేర్ ఆలస్యమైనందుకు కాదు, రిపేర్ ఎంతవరకు వచ్చిందో మేం చెప్పలేకపోతున్నందుకు. స్థితిని రోజూ నమోదు చేస్తే ఈ కాల్స్‌లో ఎక్కువ భాగం ఆగిపోతాయి." ఇందులో ఒక కారణం ఉంది, ఒక పని ఉంది, ఒక ఫలితం ఉంది. దీన్ని కాదనడానికీ వీలుంది. అందుకే వింటారు.

ఈ వాక్యం రాయగానే పెన్సిల్ పక్కన పెట్టి మీ కాల్ రికార్డుల దగ్గరకు వెళ్లాలి. మళ్లీ ఫోన్ చేసిన ఆ 38 మంది అసలు ఏమడిగారు? ఆరు నెలల రికార్డుల్లోంచి ఏదో ఒక వరుసలో కాకుండా అక్కడక్కడా 100 రిపీట్ కాల్స్ తీసి, ఒక్కోదాని పక్కన కారణం రాసుకోండి. ఆ 100లో 70 దాకా "ఎంతవరకు వచ్చింది?" అన్న ప్రశ్న ఒక్కటే అయితే మీ వాక్యం నిలబడుతుంది. అప్పుడు ధైర్యంగా "38 మందిలో సుమారు 27 మంది స్థితి తెలుసుకోవడానికే చేస్తున్నారు" అని చెప్పొచ్చు. అది 25 దగ్గరే ఆగి, మిగతావాళ్లు "రిపేర్ చేశారు గానీ మళ్లీ పాడైంది" అని చెప్పి ఉంటే మీ మెసేజ్ తప్పు. అప్పుడు అడగాల్సిన నిర్ణయమూ వేరే, ఒప్పుకోవాల్సిన మనిషీ వేరే. ఈ సంగతి 40 స్లైడ్లు చేశాక తెలియడం కన్నా ఒక వాక్యం రాసినప్పుడే తెలియడం మేలు. లెక్కలు ఏం చెబుతున్నాయో మీకే ఇంకా తెలియకపోతే మాత్రం ఏ కాగితమూ సాయం చేయలేదు. ముందు ఆ లెక్క తేల్చుకుని రావాల్సిందే.

ఈ మెసేజ్ కాగితం మీదే ఆగిపోకూడదు, ప్రతి స్లైడులోనూ అసలు మాట టైటిల్‌లోనే ఉండాలి. ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. 2003 జనవరిలో కొలంబియా వ్యోమనౌక నింగికెగిరేటప్పుడు ఇంధన ట్యాంకు మీది ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బ గురించి అధికారులకు స్లైడ్లు చూపించారు. వాటిలో ఒక స్లైడు టైటిల్ చదివితే, పరీక్షల లెక్కలను బట్టి పెద్దగా భయపడాల్సింది లేదన్న భావనే కలుగుతుంది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలైతే నిజంగా తగిలిన ముక్క అంచనా 1920 ఘనపు అంగుళాలన్న సంగతి అదే స్లైడులో అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. అంటే ఆ పరీక్షలు ఈ దెబ్బకు వర్తించవన్నదే అక్కడి అసలు మాట. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ నౌక ముక్కలై కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ప్రమాదానికి స్లైడు కారణం కాదు. కానీ ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన దర్యాప్తు బోర్డు నివేదిక ఈ స్లైడును ప్రత్యేకంగా ప్రస్తావించింది. అది చదివిన అధికారికి ప్రాణాపాయం ఉందన్న సంగతి తట్టకపోవచ్చని అభిప్రాయపడింది. లెక్క తప్పు కాదు, ఎక్కడా దాచలేదు కూడా. ఉండాల్సిన చోట లేదు, అంతే.

స్లైడ్ల సంఖ్యకు వద్దాం. ఆ 15 ఎక్కడి నుంచి వచ్చింది? బహుశా 40ని తగ్గిస్తే 15 దాకా వస్తుందని అనుకుని ఉంటారు. సంఖ్య మీ దగ్గరున్న సరుకును బట్టి కాదు, మీకిచ్చిన సమయాన్ని బట్టి రావాలి. 20 నిమిషాల్లో ముందు మీటింగ్ కుదురుకోవడానికి, లాప్‌టాప్ తగిలించడానికి 2 నిమిషాలు పోతాయి. నిర్ణయం అడిగే మీటింగ్ కాబట్టి ప్రశ్నలకు, చర్చకు కనీసం 6 నిమిషాలు వదలాలి. మిగిలింది 12. చార్ట్ ఉన్న స్లైడు ఒక్కొక్కటి 2 నిమిషాలు తింటుంది. చార్ట్‌లో ఏం చూడాలో చెప్పాలి, అందులో ఏం తేలిందో చెప్పాలి, వాళ్లు చూసేదాకా కాస్త ఆగాలి. అంటే 6 స్లైడ్లు.

ఎన్ని స్లైడ్లుండాలో చెప్పే సూత్రాలు చాలానే ఉన్నాయి. 2003లో టోక్యోలో మొదలైన పెచకుచ అనే ప్రసంగ పద్ధతిలో 20 స్లైడ్లు, ఒక్కోటి 20 సెకన్లు. మొత్తం 6 నిమిషాల 40 సెకన్లలో అయిపోవాలి. పెట్టుబడి అడిగేవాళ్లకు వ్యాపార రచయిత గై కవాసాకి చెప్పిన లెక్క 10 స్లైడ్లు, 20 నిమిషాలు. రెండూ వాటి వాటి పనికి సరైనవే. పెచకుచలో మధ్యలో ఎవరూ ప్రశ్న వేయరు, స్లైడు దానంతటదే మారిపోతుంది. మీ మీటింగ్‌లో ప్రశ్నలే సగం పని. కాబట్టి ఆ సంఖ్యలు అరువు తెచ్చుకోవద్దు. మీ 12 నిమిషాలను మీ మాట వేగంతోనే భాగించుకోండి. ఏదైనా ఒక చార్ట్‌ను ఫోన్‌లో టైమర్ పెట్టుకుని బయటికి వివరించి చూస్తే మీ సంఖ్య మీకు తెలుస్తుంది.

ఇప్పుడు కాగితం కింది భాగంలో వరుసకు మూడు చొప్పున రెండు వరుసల్లో 6 గళ్లు గీయండి. ఒక్కో గడిలో ఆ స్లైడు టైటిల్ మాత్రమే, పూర్తి వాక్యంగా రాయండి. బొమ్మలు, బుల్లెట్లు వద్దు. మీ కాగితం మీద ఇలా ఉండొచ్చు:

1. 100 మందిలో 38 మంది అదే ఫిర్యాదు మీద మళ్లీ ఫోన్ చేస్తున్నారు, దీన్ని ఒక్క నిర్ణయంతో తగ్గించొచ్చు.
2. ఆ 38 మందిలో సుమారు 27 మంది అడిగేది "ఎంతవరకు వచ్చింది?" అని మాత్రమే.
3. ఫిర్యాదు రిపేర్‌కి వెళ్లాక దాని స్థితి కనిపించే చోటు ఇప్పుడు ఎక్కడా లేదు.
4. రోజుకోసారి నమోదు చేయడానికి రిపేర్ టీమ్‌కి పట్టే సమయం ఇంత.
5. ఒక నెల ట్రయల్‌లో ఎవరు ఏం చేస్తారు, మేం ఏం కొలుస్తాం.
6. ఈ రోజు కావాల్సింది: ట్రయల్‌కి అనుమతి, మొదలుపెట్టే తేదీ.

ఇవి రాశాక టైటిల్స్ మాత్రమే వరుసగా పైకి చదవండి. మీ టీమ్‌కి సంబంధం లేని మనిషికి కూడా కథ అర్థమవ్వాలి. ఎక్కడైనా తడబడితే మధ్యలో ఒక గడి తప్పిపోయిందని గానీ, రెండు గళ్ల క్రమం తారుమారైందని గానీ అనుకోవాలి. ఒకే గడిలో రెండు సంగతులు ఇరికిస్తే, మాట్లాడేటప్పుడు అది 4 నిమిషాలు తింటుంది. పైన ఒకటో గడిలో అలా జరిగింది చూడండి. సమస్యా ఉంది, పరిష్కారం ఉందన్న మాటా ఉంది. అక్కడ మాత్రం నేను కావాలనే ఉంచాను. ఆపరేషన్స్ హెడ్‌కి మొదటి నిమిషంలోనే తనను ఏదో అడగబోతున్నారని తెలియాలి కాబట్టి. వివరణ ఏమీ లేకుండా చదివి వదిలేస్తే దానికి రెండు నిమిషాలు చాలు.

మూడో స్లైడు గురించి ఒక సలహా. అక్కడ సగటులు, శాతాలు పెట్టకండి. నిజంగా వచ్చిన ఒక్క ఫిర్యాదు తీసుకుని రోజులవారీగా దాని ప్రయాణం చూపండి. మొదటి రోజు నమోదు, రెండో రోజు రిపేర్‌కి, నాలుగో రోజు కస్టమర్ ఫోన్, మీ దగ్గర జవాబు లేదు, ఆరో రోజు మళ్లీ ఫోన్. కస్టమర్ పేరు, నంబరు తీసేయండి. 38 అన్న అంకె వాళ్లకు గుర్తుండకపోయినా ఆరో రోజు ఫోన్ గుర్తుంటుంది.

మిగిలిన చార్ట్‌లు పారేయనక్కర్లేదు. ఆరో స్లైడు తర్వాత వరుసగా పెట్టి, వాటి మీద రైట్ క్లిక్ చేసి Hide Slide నొక్కండి. చూపించేటప్పుడు అవి వాటంతట అవి రావు. ఎవరైనా "ప్రాంతాలవారీగా ఎలా ఉంది?" అంటే కీబోర్డు మీద ఆ స్లైడు నంబరు టైప్ చేసి Enter కొడితే నేరుగా అక్కడికి వెళ్తుంది. ఏ నంబరులో ఏముందో మీ ప్లాన్ కాగితం అంచున రాసుకుని చేతిలో పట్టుకుని వెళ్లండి.

చివరగా టోన్. దీన్ని చివర పెట్టడానికి కారణం, వినేవాళ్లు ఎవరో, మెసేజ్ ఏమిటో తేలకుండా టోన్ తేలదు. "ప్రొఫెషనల్" అని రాస్తే ఏ మాట అనాలో, ఏది అనకూడదో తెలియదు. దాని బదులు గడిని నిలువుగా రెండు భాగాలు చేసి, ఒక వైపు "ఇలా అంటాను", ఇంకో వైపు "ఇలా అనను" అని రాయండి. మీ మీటింగ్‌లో చిక్కంతా రిపేర్ హెడ్ దగ్గర ఉంది. "రిపేర్ టీమ్ మాకు సమాచారం ఇవ్వడం లేదు" అన్న మరుక్షణం ఆయన మీ మాట వినడం మానేసి తన టీమ్‌ని వెనకేసుకు రావడం మొదలుపెడతారు. తర్వాత 12 నిమిషాలూ ఎవరు ఎప్పుడు మెయిల్ పెట్టారన్న వాదనకే సరిపోతాయి. కాబట్టి అది "అనను" వైపు. "అంటాను" వైపు: "స్థితి నమోదు చేయడానికి ఇప్పుడు వాళ్లకు ఒక చోటంటూ లేదు." రెండూ ఒకే నిజం గురించి చెప్పేవే. మొదటిదాంట్లో తప్పు మనుషులది, రెండోదాంట్లో లోపం ఏర్పాటుది.

టోన్ మాటల్లోనే ఉండదు. మూడో స్లైడులో రిపేర్ దశను ఎర్ర రంగులో చూపిస్తే టైటిల్ ఎంత మెత్తగా రాసినా వేలెత్తి చూపినట్టే ఉంటుంది. అన్ని దశలనూ ఒకే రంగులో ఉంచి, ఖాళీగా ఉన్న రోజులను మాత్రం చుక్కల గీతతో చూపండి. ఆ నిర్ణయం కూడా టోన్ గడిలోనే రాసుకోండి, లేకపోతే సాఫ్ట్‌వేర్‌లో రంగులు ఎంచుకునేటప్పుడు మర్చిపోతారు.

ఇంకొకటి, నా దృష్టిలో ఇది ఏ రంగు కన్నా ముఖ్యం. నాలుగో గడిలో "ఇంత" అని వదిలేసిన అంకె మీ దగ్గర లేదు, రిపేర్ టీమ్ దగ్గరే ఉంది. మీటింగ్‌కి రెండు మూడు రోజుల ముందే రిపేర్ హెడ్ దగ్గరకు కాగితం పట్టుకెళ్లి "సర్, ఒక్కో ఫిర్యాదు స్థితి నమోదు చేయడానికి మీ వాళ్లకు ఎంతసేపు పట్టొచ్చు?" అని అడగండి. ఆయన చెప్పిన అంకెనే ఆయన టీమ్ పేరుతో స్లైడులో వేయండి. మీరు ఊహించి "రెండు నిమిషాలే" అని రాస్తే గదిలో అందరి ముందూ "అంతలో అవ్వదు" అంటారు, మీ ప్రతిపాదన అక్కడే ఆగిపోతుంది. "మాకు రోజుకు గంట పడుతుంది, మనుషులు లేరు" అని ముందే చెబితే, ట్రయల్‌ని ఒక రకం ఫిర్యాదులకే కుదించి ఐదో గడి మార్చుకోవచ్చు. చెరిపి రాయడానికి అర నిమిషం పడుతుంది.

కాగితం పూర్తయ్యాక మీ సీనియర్‌కి ఒక్క నిమిషం చూపించి వెనక్కి తీసుకోండి. తర్వాత "నేను ఎవరిని ఏం అడుగుతున్నాను?" అని అడగండి. ఆయన ఆపరేషన్స్ హెడ్, నెల ట్రయల్, రోజూ నమోదు అన్న మూడూ చెప్పగలిగితే పవర్‌పాయింట్ తెరవొచ్చు. "రిపీట్ కాల్స్ గురించి కదా" అంటే ఇంకా తెరవకండి, మెసేజ్ వాక్యం దగ్గరకే మళ్లీ వెళ్లాలి. తెరిచాక మొదట డిజైన్ జోలికి పోకుండా View ట్యాబ్‌లో Outline View తీసి ఆరు టైటిల్స్‌నీ ఉన్నవి ఉన్నట్టు టైప్ చేయండి. ఏడో స్లైడు చేయాలనిపిస్తే ముందు కాగితం మీద దానికి గడి గీయండి, దానికోసం ఏ గడి కొట్టేస్తారో కూడా అక్కడే తేల్చండి.

ఇంకో పని ఈ రోజే చేసి పెట్టుకోండి. మీ ముందు మాట్లాడేవాళ్లు ఎక్కువ సమయం తీసుకుంటే మీ 20 నిమిషాలు 10 అవుతాయి. అలా జరిగితే చూపించాల్సిన మూడు గళ్ల పక్కన చుక్క పెట్టుకోండి. మీ విషయంలో నేనైతే 2, 3, 6 ఉంచుతాను. ఒకటో స్లైడులోని 38 అంకెను నోటితో చెప్పి, నేరుగా రెండో స్లైడు తెరుస్తాను. నాలుగు, ఐదు గళ్ల సంగతి ముందే రిపేర్ హెడ్‌తో మాట్లాడి ఉంటారు కాబట్టి, ఎవరైనా అడిగితే ఆయనే జవాబు చెప్పే అవకాశం ఎక్కువ.